వీధి బోర్డుల ఫోటోలతో అనువాదం: తొమ్మిదో తరగతికి నాలుగు పీరియడ్ల పాఠం

టైర్ల షాపుల ముందు రేకు ముక్క మీద "ఇచ్చట పంచర్లు వేయబడును" అని రాసి ఉంటుంది కదా, దాని ఫోటో తొమ్మిదో తరగతి పిల్లలకి ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమన్నాను. సగం క్లాసు ‘పంక్చర్స్ విల్ బి పుట్ హియర్’ అని రాసింది. అంటే ఆ షాపువాడు దారిన పోయే బండ్లకి మేకులు గుచ్చుతాడన్నమాట. నవ్వుకున్నాం గానీ, పిల్లలకి మాటలు రాక కాదు అలా రాసింది, ఒక్కో మాటా కరెక్టే. వాక్యాన్ని మార్చారు, బోర్డుని మార్చలేదు. ఇంగ్లీషు తెలిసినవాడు అదే షాపు పెట్టుకుంటే బోర్డు మీద ఏం రాసుకుంటాడు? ‘పంక్చర్ రిపేర్’, రెండే మాటలు. ఈ పాఠం మొత్తం ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది.

నాలుగు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు, దానికి ముందు ఒక ఆదివారం ఫోటోల పని. ఎనిమిది నుంచి పది తరగతుల దాకా సరిపోతుంది. వీలైతే తెలుగు మాస్టారు, ఇంగ్లీషు టీచరు కలిసి చేస్తే మంచిది, ఎందుకంటే పిల్లలు తడబడేది ఎక్కువగా తెలుగు దగ్గరే, ఇంగ్లీషు దగ్గర కాదు. "నిలుపరాదు", "విడువవలెను", "కలదు" లాంటి మాటలు ఇంట్లో ఎవరూ మాట్లాడరు కదా.

ఫోటోలు తెచ్చే పని

స్కూలుకి ఫోన్లు తేకూడదు కాబట్టి ఫోటోలు ఇంటి దగ్గరే తీయాలి, అమ్మదో నాన్నదో ఫోన్ తీసుకుని. ఇద్దరిద్దరుగా వెళ్ళమనండి, రోడ్డు మధ్యలో నిలబడొద్దని గట్టిగా చెప్పండి, బోర్డు అవతలి వైపు ఉంటే ఇవతల నుంచే జూమ్ చేసుకోవచ్చు. మిలిటరీ ఏరియా, పోలీస్ స్టేషన్ గేటు, "ఫోటోలు తీయరాదు" అని రాసి ఉన్న చోటు జోలికి పోవద్దు (ఆ "ఫోటోలు తీయరాదు" బోర్డునే ఫోటో తీసుకొచ్చినవాడు నా క్లాసులో ఒకడున్నాడు, వాడిని తిట్టాలో మెచ్చుకోవాలో తెలీలేదు).

ఒక్కో బోర్డుకి రెండు ఫోటోలు కావాలి, ఇది మాత్రం వదలొద్దు. ఒకటి దగ్గర నుంచి, అక్షరాలు చదవడానికి. రెండోది పది అడుగులు వెనక్కి జరిగి, బోర్డు ఏ గోడ మీద ఉంది, పక్కన ఏముంది, ఎవరు చదువుతారు అనేది కనపడేలా. మొదటి సంవత్సరం నేను దగ్గరి ఫోటోలు మాత్రమే తెప్పించి దెబ్బతిన్నాను, ఎందుకు దెబ్బతిన్నానో రెండో పీరియడ్ దగ్గర చెప్తాను.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోయి ఒత్తులు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. వచ్చినవాటిలో మనుషుల మొహాలు, బండి నంబర్లు, టు-లెట్ బోర్డుల మీద ఫోన్ నంబర్లు ఉంటే ప్రింట్ తీసే ముందే కత్తిరించేయండి. కలర్ ప్రింట్ ఖర్చు కాబట్టి జెరాక్సే తీస్తాం, అప్పుడు రంగు పోతుంది, అందుకని ప్రతి ఫోటో కింద రంగు రాయండి: ఎర్ర అంచు గుండ్రం, నీలం పలక, పసుపు రాయి, ఇలా. ట్రాఫిక్ బోర్డుల్లో ఎర్ర గుండ్రం అంటే సాధారణంగా చేయకూడనిది, ఎర్ర అంచు త్రికోణం అంటే ముందు జాగ్రత్త, నీలం నలుచదరం అంటే సమాచారం. ఆ సంగతి తెలిస్తే అక్షరం సరిగ్గా కనపడకపోయినా సగం అర్థం దొరికిపోతుంది.

క్లాసులో 36 మంది ఉంటే నలుగురేసి తొమ్మిది గ్రూపులు. గ్రూపుకి ఒక తెలుగు బోర్డు, ఒక ఇంగ్లీషు బోర్డు. రెండు భాషలూ ఉన్న బోర్డులు పక్కన పెట్టుకోండి, అవి చివర్లో కావాలి, ముందే చూపిస్తే జవాబు చూసి రాసినట్టే.

మొదటి పీరియడ్: ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం

ఈ పీరియడ్‌లో అనువాదం లేదు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా, లైన్లు ఎక్కడ విరిగాయో అక్కడే విరిచి నోట్సులోకి ఎక్కించాలి. దాని కింద సరిచేసిన రూపం. పిల్లలు దీన్ని చిన్నచూపు చూస్తారు, చదవడం రాదా మాకు అంటారు, ఎక్కించమంటే తెలుస్తుంది.

మన బోర్డుల్లో అక్షరదోషాలకి కొదవ లేదు. ‘నిషేదం’ అని ద కింద గీత లేకుండా, ‘ప్రవేషం’ అని శ బదులు ష వేసి, ‘వాహానములు’ అని లేని దీర్ఘం పెట్టి, ఇవి ఊరూరా కనిపిస్తాయి. ఫ్లెక్సీ అయితే ఇంకో బాధ, ఒక కంప్యూటర్‌లో ఒక ఫాంట్‌లో టైప్ చేసింది ఇంకో చోట తెరిస్తే ఒత్తులు పక్కకి జరిగిపోతాయి, అలాగే ప్రింట్ కొట్టేస్తారు. పెయింట్ బోర్డు అయితే వానకి తలకట్టు పోతుంది, ప ఏదో వ ఏదో, మ ఏదో య ఏదో ఒక్కోసారి తెలీదు. అక్షరం కనపడకపోతే ఊహించి నింపేయకుండా చదరపు బ్రాకెట్‌లో చుక్కలు పెట్టమనండి, "చెత్త వేయ[..]" అని. తర్వాత వెనక్కి జరిగి తీసిన ఫోటో చూసి, అక్కడ ఉన్నది ఖాళీ స్థలమా, మున్సిపాలిటీ చెత్త డబ్బానా అని చూసి, అప్పుడు నింపాలి. అది ఊహే అని తెలిసేలా కింద గీత గీయాలి.

ఎక్కించడం అయ్యాక ప్రతి గ్రూపూ నాలుగు ప్రశ్నలకి తెలుగులోనే, మామూలుగా మాట్లాడే తెలుగులో, జవాబు రాయాలి: ఈ బోర్డు పెట్టింది ఎవరు? ఎవరి కోసం? చదివినవాడు ఏం చేయాలి, లేదా ఏం మానాలి? చేయకపోతే ఏమవుతుంది? నాలుగోదానికి చాలా బోర్డుల్లో జవాబు ఉండదు, గీత పెట్టేయమనండి. ఈ నాలుగు జవాబులే రేపటి అనువాదానికి ముడిసరుకు. పంచర్ల బోర్డుకి ఈ నాలుగూ రాసి ఉంటే "పంచర్ వేయడం" అంటే బాగుచేయడం అని వాళ్ళే రాసి ఉండేవాళ్ళు.

రెండో పీరియడ్: తెలుగు నుంచి ఇంగ్లీషు

ఎక్కువసేపు పట్టేది ఇదే, రెండు పీరియడ్లు తీసుకున్నా తప్పులేదు.

ముందు పది నిమిషాలు నల్లబోర్డు మీద బోర్డుల తెలుగు వ్యాకరణం చెప్పాలి. ఎక్కువేం లేదు, నాలుగు తోకలు. ‘రాదు’ ఉంటే నిషేధం: నిలుపరాదు, పొగ త్రాగరాదు. ఇంగ్లీషులో దానికి ముందు ‘నో’ పెట్టి క్రియకి ‘ఇంగ్’ తగిలిస్తే సరి, నో పార్కింగ్, నో స్మోకింగ్. ‘వలెను’ ఉంటే ఆదేశం: చెప్పులు ఇక్కడ విడువవలెను. ఇంగ్లీషులో క్రియ ముందుకొస్తుంది, ‘లీవ్ ఫుట్‌వేర్ హియర్’, ఆ ‘షుడ్’, ‘మస్ట్’ ఏమీ అక్కర్లేదు. ‘కలదు’ ఉంటే ఏదో ఉందని చెప్పడం, ‘బడును’ ఉంటే ఏదో చేస్తామని చెప్పడం.

ఈ చివరి రెండింటి దగ్గరే పిల్లలు పడిపోతారు. "ముందు పాఠశాల కలదు" అంటే ‘దేర్ ఈజ్ ఎ స్కూల్ ఇన్ ఫ్రంట్’ అని రాస్తారు. ఇంగ్లీషు రోడ్డు బోర్డు ‘ఉంది’ అనే మాటే వాడదు, ‘స్కూల్ అహెడ్’ అంటుంది అంతే. "కుక్క కలదు, జాగ్రత్త" అంటే మనం రెండు మాటలు చెప్తాం, ఉందనీ జాగ్రత్తనీ, ఇంగ్లీషు రెంటినీ కలిపి ‘బివేర్ ఆఫ్ ది డాగ్’ అనేస్తుంది. ఇక ‘బడును’ అయితే, నగల కొట్టు ముందు "చెవులు కుట్టబడును" అనే బోర్డు ఇచ్చి చూడండి. ‘ఇయర్స్ విల్ బి స్టిచ్డ్’. టైలర్ షాపు ముందు "బట్టలు కుట్టబడును" ఉంటే స్టిచింగే, నగల కొట్టు ముందు అదే ‘కుట్టు’ ఇంగ్లీషులో పియర్సింగ్, ‘ఇయర్ పియర్సింగ్’. తెలుగులో సూది ఒకటే కాబట్టి మాటా ఒకటే. ఇంగ్లీషుకి రెండు వేరు పనులు.

బస్టాండులో కిటికీ మీద ఉండే "విచారణ" కూడా ఇలాంటిదే. పేపర్లో కేసు విచారణ, కోర్టు విచారణ చదివిన పిల్లలు దాన్ని ‘ఇన్వెస్టిగేషన్’ అని రాస్తారు. కిటికీ ఫోటో చూస్తే లోపల పోలీసులు లేరు, బస్సు ఎన్నింటికి అని అడిగే జనం ఉన్నారు, కాబట్టి ‘ఎంక్వయిరీ’.

ఇప్పుడు ఒక బోర్డు మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను, క్లాసులో నేను చేసేది ఇదే. బోర్డు మీద ఇలా ఉందనుకోండి:

ఇచ్చట చెత్త వేయరాదు.
వేసిన వారికి రూ.500/- జరిమానా విధించబడును.
ఇట్లు, కమీషనర్

పిల్లల మొదటి రాత: ‘హియర్ గార్బేజ్ షుడ్ నాట్ బి పుట్. ఫర్ దోజ్ హూ పుట్, ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఫైన్ విల్ బి ఇంపోజ్డ్. దస్, కమిషనర్.’ తప్పేం లేదు మేడం అంటారు. సరే అని ముందు ‘ఇచ్చట’ దగ్గర ఆగుతాను. బోర్డు ఉన్న చోటే అది చెప్తోంది కదా, ఇంగ్లీషులో ‘హియర్’ కావాలా? నో పార్కింగ్ హియర్ అని ఎక్కడైనా చూశారా? అక్కడక్కడా ఉంటుంది గానీ అక్కర్లేదు, కొట్టేస్తాం. తెలుగు బోర్డు ‘ఇచ్చట’తో మొదలవడం ఒక అలవాటు, ఉత్తరానికి పైన "శ్రీ" రాసినట్టు, దానికి అర్థం కంటే ఆనవాయితీ ఎక్కువ.

తర్వాత ‘చెత్త వేయరాదు’. ఇక్కడ రెండో ఫోటో బయటికి తీస్తాం. ఖాళీ స్థలం మూల, బస్తాలు బస్తాలుగా చెత్త పారబోసి ఉంది. అంటే చాక్లెట్ కాగితం పడేసేవాడి గురించి కాదు, ఇంటి చెత్త బుట్ట తెచ్చి కుమ్మరించేవాడి గురించి. ఇంగ్లీషులో దీనికి ‘నో డంపింగ్’. ఇదే తెలుగు వాక్యం పార్కులో బెంచీ పక్కన ఉంటే ‘నో లిటరింగ్’. మాటలు అవే, చోటు మారితే అనువాదం మారింది. నేను మొదటి సంవత్సరం దెబ్బతిన్నది ఇక్కడే, దగ్గరి ఫోటో ఒక్కటే ఉండటంతో సగం మంది అది, సగం మంది ఇది రాసి, ఏది కరెక్టో నేనే చెప్పలేకపోయాను.

రెండో లైను ‘ఫైన్ రూ.500’, అయిపోయింది. విధించబడును అనేదాన్ని ఇంగ్లీషు బోర్డు మోయదు, డబ్బు అంకె ఉంటే చాలు. పిల్లలు ‘వేసిన వారికి’ వదిలేశాం కదా అంటారు, డంపింగ్ చేసినవాడికి కాక ఇంకెవరికి వేస్తారు అని ఎదురు అడగండి. అయితే అంకె విషయంలో మాత్రం జాగ్రత్త, దాన్ని వదలకూడదు, మార్చకూడదు. తెలుగులో ఎంత ఉంటే ఇంగ్లీషులో అంతే.

ఇక మిగిలింది ‘ఇట్లు’. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. ఉత్తరం చివర, అర్జీ చివర వచ్చే మాట బోర్డు మీదకి వచ్చి కూర్చుంది. ‘దస్’ కాదు, ‘యువర్స్’ కాదు. ఇంగ్లీషు నోటీసు చివర ఆ పని చేసేది ‘బై ఆర్డర్’. కాబట్టి ‘బై ఆర్డర్, మునిసిపల్ కమిషనర్’. అదే అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన "ఇట్లు, యాజమాన్యం" అని ఉంటే అంత హడావిడి వద్దు, ఒట్టి ‘మేనేజ్‌మెంట్’ చాలు.

మొత్తం కలిపి: ‘నో డంపింగ్. ఫైన్ రూ.500. బై ఆర్డర్, మునిసిపల్ కమిషనర్.’ పంతొమ్మిది మాటల నుంచి పది లోపుకి వచ్చింది. ‘మునిసిపల్’ అనేది బోర్డు మీద లేదు, నాలుగు ప్రశ్నల్లో "పెట్టింది ఎవరు" అనేదానికి రాసిన జవాబులోంచి వచ్చింది. అలా కలిపితే ఎందుకు కలిపారో పక్కన ఒక ముక్క రాయాలి.

తర్వాత గ్రూపులు తమ బోర్డులు చేసుకుంటాయి. తిరుగుతూ చూస్తుంటే ఒక గుర్తు పట్టుకోండి: ఇంగ్లీషు కాగితం మీద ‘విల్ బి’ గానీ ‘షుడ్ నాట్’ గానీ కనపడితే ఆ గ్రూపు ఇంకా వాక్యాన్నే మారుస్తోంది, వెళ్ళి కూర్చోండి వాళ్ళ దగ్గర.

మూడో పీరియడ్: ఇంగ్లీషు నుంచి తెలుగు

ఇంగ్లీషు బోర్డులో మాటలు తక్కువ కాబట్టి సులువనుకుంటారు, తక్కువ కాబట్టే కష్టం. ‘ఫ్రీ లెఫ్ట్’ ఇస్తే "ఉచిత ఎడమ" అని రాసినవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. ‘స్టిక్ నో బిల్స్’ ఇస్తే కరెంటు బిల్లులు అంటించరాదు అంటారు, నిజానికి ఆ ‘బిల్’ అంటే పోస్టరు, పాత ఇంగ్లీషు మాట, ఈ బోర్డుల మీద తప్ప మన దగ్గర పెద్దగా కనపడదు. ‘డెడ్ స్లో’కి చావు వెతుకుతారు. వీటికి మందు మళ్ళీ ఆ నాలుగు ప్రశ్నలే. ఫ్రీ లెఫ్ట్ చదివినవాడు ఏం చేయాలి? సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకి తిరగొచ్చు. అయితే తెలుగు దొరికినట్టే: "ఎడమవైపు ఆగకుండా వెళ్ళవచ్చు".

ఇక్కడ మంచి వాదన ఒకటి వస్తుంది, రానివ్వండి. "మేడం, అందరూ ఫ్రీ లెఫ్ట్ అనే అంటారు కదా, తెలుగు అక్షరాల్లో ఫ్రీ లెఫ్ట్ అని రాస్తే చాలదా?" నిజమే. పార్కింగ్, లిఫ్ట్, ఏటీఎం, బస్ స్టాప్ ఇవన్నీ తెలుగు మాటల్లానే అయిపోయాయి. నేను పిల్లలకి పెట్టే పరీక్ష ఇది: ఈ బోర్డు ఇంగ్లీషు చదవడం రాని మీ అమ్మమ్మకో, ఆటో నడిపే బాబాయికో చూపించు, చదివాక చేయాల్సింది చేస్తారా? ‘నో పార్కింగ్’ తెలుగు లిపిలో రాస్తే ఆటో బాబాయి అక్కడ బండి ఆపడు, కాబట్టి సరే. ‘ఫ్రీ లెఫ్ట్’ బండి నడిపేవాళ్ళకి తెలుసు, ఆ బోర్డు చదివేది వాళ్ళే, అదీ సరే. ‘మెన్ ఎట్ వర్క్’ని తెలుగు లిపిలో రాస్తే ఎవరికీ అర్థం కాదు, "పని జరుగుచున్నది" అనాల్సిందే. ‘ట్రెస్‌పాసర్స్ విల్ బి ప్రాసిక్యూటెడ్’కి "అనుమతి లేనిదే లోనికి రారాదు, వచ్చినవారిపై చర్య తీసుకొనబడును". ఇక్కడ మాత్రం తెలుగు పొడుగైంది, అది తప్పు కాదు.

తర్వాత మర్యాద సంగతి. ‘స్టాప్’ని "ఆగు" అంటే చిన్నపిల్లాడితో అన్నట్టు ఉంటుంది, "ఆగుము" పాత బోర్డుల భాష, "ఆగండి" మర్యాద. ఇంగ్లీషులో ఈ గొడవ లేదు, తెలుగులో క్రియ నోరు తెరిస్తే చాలు ఎదుటివాడు నువ్వా మీరా అని తేల్చాలి. మరి సర్కారు బోర్డులన్నీ ‘రాదు’, ‘వలెను’ ఎందుకు పట్టుకు వేలాడతాయి అంటే కారణం ఇదే, "నిలుపరాదు"లో నువ్వూ లేదు మీరూ లేదు, కలెక్టరైనా కూలీ అయినా ఒకటే. ఇది పిల్లలకి చెప్తే అప్పటిదాకా పాత చింతకాయ పచ్చడి అనుకున్న ‘రాదు’ మీద కాస్త గౌరవం పుడుతుంది. కానీ ఇంటి గేటు ముందు బోర్డుకి అదే పెట్టక్కర్లేదు, "దయచేసి గేటు ముందు బండి పెట్టకండి" అని ఇరుగుపొరుగు మాటలా రాయొచ్చు. అదే తెలంగాణలో అయితే "పెట్టొద్దు" అని రాసేవాళ్ళూ ఉంటారు, తప్పని దిద్దకండి. బోర్డు పెట్టింది ఎవరు అనే మొదటి ప్రశ్నే ఇక్కడ తెలుగు ఎలా ఉండాలో చెప్తుంది.

మధ్యలో పేర్ల గొడవ

దీనికి పదిహేను నిమిషాలు చాలు, మూడో పీరియడ్ చివర్లో. పేరు అనువదించం, ఎక్కిస్తాం. మామిడితోట వీధిని ‘మ్యాంగో గార్డెన్ స్ట్రీట్’ చేయకూడదు, ‘మామిడితోట’ అలాగే ఉంచి ‘వీధి’ని మాత్రం స్ట్రీట్ చేయాలి. స్పెల్లింగ్ సొంతంగా కట్టకూడదు, ఆ ఊరికి వాడుకలో ఉన్నదే రాయాలి. ఒకే ‘పల్లి’ని ఇంగ్లీషులో అనకాపల్లికి చివర ‘ఈ’ పెట్టి, కూకట్‌పల్లికి ‘వై’ పెట్టి, తాడేపల్లిగూడెంలో మధ్యన ‘ఐ’ పెట్టి రాస్తారు. నరసరావుపేట, సూర్యాపేటలకి ఇంగ్లీషులో చివరి ‘అ’ ఎగిరిపోయి ‘పేట్’ అవుతుంది. సందేహం వస్తే రైల్వే స్టేషన్ పసుపు బోర్డు చూడమనండి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పాత బోర్డులతో మాత్రం జాగ్రత్త, కడపకి ‘సి’తో మొదలయ్యే పాత స్పెల్లింగ్ 2005 దాకా నడిచింది, రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది, కాబట్టి ఫోటోలో ఉన్న పేరూ ఇప్పటి పేరూ రెండూ నోట్సులో ఉండాలి.

నాలుగు రోడ్లు కలిసే చోటు ఇంకో సరదా. విజయవాడ, గుంటూరు వైపు ‘సెంటర్’, వైజాగ్‌లో ‘జంక్షన్’, హైదరాబాద్‌లో ‘చౌరస్తా’ లేదా ‘క్రాస్ రోడ్స్’. ఆ క్రాస్ రోడ్స్‌ని ఇంగ్లీషు బోర్డుల మీద పొట్టిగా ‘ఎక్స్’ అక్షరం వేసి రోడ్స్ అని రాస్తారు, అది చూసి మా పిల్లలు "ఎక్స్ రోడ్స్" అని తెలుగులో ఎక్కించారు. ఆ ఎక్స్ అక్షరం కాదు, బొమ్మ.

నాలుగో పీరియడ్: బోర్డు తయారుచేసి పరీక్షించడం

ప్రతి గ్రూపూ తన రెండు అనువాదాల్లో ఒకటి తీసుకుని సగం చార్ట్ మీద రెండు భాషల్లో స్కెచ్ పెన్నుతో బోర్డు రాయాలి. ఇక్కడిదాకా కాగితం మీద బాగున్నది ఇక్కడ విరిగిపోతుంది, అక్షరాలా విరిగిపోతుంది.

ఇంగ్లీషులో కాదనే మాట ముందుంటుంది, ‘నో’. తెలుగులో చివర ఉంటుంది, ‘రాదు’. చార్ట్ మీద చోటు చాలక "ఇచ్చట వాహనములు నిలుప" దాకా ఒక లైను, "రాదు" కింద లైను రాస్తే, వెళ్తూ వెళ్తూ చూసినవాడు పై లైను మాత్రమే చదివి బండి పెట్టేస్తాడు. గోడల మీద కూడా చూడండి, ఆ ‘రాదు’ మీద సరిగ్గా సినిమా పోస్టరు పడిందంటే బోర్డు అర్థమే తిరగబడుతుంది. ఇంగ్లీషులో చివరి ముక్క చిరిగినా ‘నో పార్క్...’ మిగులుతుంది, పనవుతుంది. అందుకని తెలుగు బోర్డుకి రెండు నియమాలు: ‘రాదు’ని ముందున్న క్రియ నుంచి విడదీసి కింద లైనులో వేయొద్దు, ఆ మాట మొత్తాన్నీ ఎర్ర రంగులో గానీ మిగతావాటికంటే పెద్దగా గానీ రాయాలి. పట్టకపోతే ముందు ‘ఇచ్చట’ తీసేయండి, చోటు దొరుకుతుంది. లైన్ల మధ్య జాగా కూడా ఇంగ్లీషుకంటే ఎక్కువ వదలాలి, లేకపోతే పై లైను ఒత్తులు కింద లైను గుడులకి తగులుకుంటాయి.

తర్వాత రెండు పరీక్షలు. మొదటిది మూడు సెకన్లది. ఒకరు బోర్డుని క్లాసు ముందు ఎత్తి పట్టుకుని, మూడు లెక్కపెట్టి దించేయాలి, చివరి బెంచీ వాళ్ళు ఏం చదివారో చెప్పాలి. గంటకి 30 కిలోమీటర్ల మీద వెళ్ళే స్కూటర్ మూడు సెకన్లలో 25 మీటర్లు దాటిపోతుంది, అంటే రోడ్డు బోర్డుకి దొరికే టైము దాదాపు అంతే. గుడి దగ్గర చెప్పుల బోర్డుకి, ఎంక్వయిరీ కిటికీకి ఈ పరీక్ష పెట్టక్కర్లేదు, అక్కడ మనిషి నిలబడి చదువుతాడు.

రెండోది తిరగేసే పరీక్ష. ఒక గ్రూపు రాసిన అనువాదాన్ని మాత్రం, ఫోటో లేకుండా, అసలు బోర్డు చూడకుండా, పక్క గ్రూపుకి ఇవ్వాలి. వాళ్ళు దాన్ని మళ్ళీ మొదటి భాషలోకి మార్చక్కర్లేదు, మారిస్తే మాటకి మాట పెట్టినవాళ్ళే గెలుస్తారు, ‘పంక్చర్స్ విల్ బి పుట్’ తిరగేస్తే "పంచర్లు వేయబడును" అని చక్కగా వచ్చేస్తుంది మరి! వాళ్ళని అడగాల్సింది రెండే: ఈ బోర్డు ఎక్కడ ఉండి ఉంటుంది, చదివినవాడు ఏం చేయాలి. జవాబులు మొదటి రోజు రాసిన నాలుగు జవాబులతో కలిస్తే అనువాదం నిలబడినట్టు. కలవకపోతే ఎక్కడ దారి తప్పిందో రెండు గ్రూపులూ కలిసి వెతకాలి, నేను మధ్యలోకి పోను.

ఆఖరి పది నిమిషాలకి మొదట్లో దాచిన రెండు భాషల బోర్డులు బయటికి తీయండి. పిల్లలు వాటిని జవాబు పత్రంలా నమ్ముతారు, నమ్మనివ్వకండి. కింద ఇంగ్లీషులో ఒట్టి ‘నో పార్కింగ్’ ఉండి, పైన తెలుగులో జరిమానా సంగతి కూడా ఉన్నవి దొరుకుతాయి, అంటే ఇంగ్లీషు చదివినవాడికి జరిమానా గురించి తెలియదు. ఒకటి దొరికితే దాన్ని పూర్తి చేసి రాయమనండి.

మార్కులు పదికి వేస్తాను. ఉన్నది ఉన్నట్టు ఎక్కించినదానికి రెండు, నాలుగు ప్రశ్నల జవాబులకి రెండు, అనువాదానికి మూడు, బోర్డు లైన్లు విరిచిన తీరుకి ఒకటి, పక్క గ్రూపు పరీక్షలో నిలబడితే రెండు. మాటల స్పెల్లింగుకి విడిగా మార్కులు కోయను, అంకె గానీ ‘నో’ గానీ ‘రాదు’ గానీ తప్పితే మాత్రం అనువాదం మూడూ సున్నా, ఎందుకంటే ఆ బోర్డు నమ్మి ఎవరైనా బండి పెడితే జరిమానా కట్టేది వాళ్ళే కదా.